మాక్ పరీక్షల పేపర్లు దిద్దడానికి పేపరుకు ఎంత అడగాలి?

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ వారు ఇంటర్ ద్వితీయ సంవత్సరం ఫిజిక్స్ మాక్ పరీక్షల జవాబు పత్రాలను ఇంటి దగ్గర దిద్దిపెట్టమని, పేపరుకు 20 రూపాయలు ఇస్తామని నన్ను అడిగారు. మార్కులు మాత్రమే వేస్తే ఒక్కో పేపరుకు 12 నిమిషాలు పడుతుంది కనుక గంటకు ఐదు పేపర్లు, అంటే 100 రూపాయలు వస్తాయి. అయితే ప్రతి తప్పు పక్కన కారణం కూడా రాయాలని ఇప్పుడు అంటున్నారు. అలా రాస్తే పేపరుకు 20 నిమిషాలు పట్టి, ఆదాయం గంటకు 60 రూపాయలకు పడిపోతుంది. పిల్లలకు నిజంగా ఉపయోగపడేది ఆ వ్యాఖ్యే కాబట్టి దాన్ని వదిలేయడం నాకు ఇష్టం లేదు.

మరో చిక్కు, వారు మార్కుల విభజన పత్రం ఇవ్వడం లేదు. ఎనిమిది మార్కుల ప్రశ్నలో పటం, ఉత్పాదన సరిగా ఉండి, లెక్కలో మొదటి విలువ తప్పుగా తీసుకొని మిగతా సోపానాలు సరిగా చేసిన విద్యార్థికి నేను ఒక మార్కే తగ్గిస్తాను. మరొకరు లెక్క మొత్తానికి సున్నా వేయవచ్చు. అప్పుడు పునఃపరిశీలనకు వచ్చే పేపర్లను డబ్బు లేకుండా మళ్లీ చూడాల్సి వస్తుంది.

వ్యాఖ్యలతో దిద్దడానికి 35 రూపాయలు, పునఃపరిశీలనకు వేరే రుసుము అడగడం సమంజసమేనా? చెల్లింపు గడువుతో సహా ఈ షరతులను ముందుగానే వాట్సాప్‌లో రాయించుకున్నవారు ఏ మాటల్లో అడిగారో దయచేసి తెలియజేయగలరు.