ముక్కులోంచి వచ్చే ‘స’ని ఎలా రాయాలి?

శ్రావ్య_థర్డ్‌ఇయర్
బీఏఎస్‌ఎల్‌పీ, అంటే మాట, వినికిడి సమస్యల కోర్సు చదువుతున్నాను. క్లినిక్‌లో ఆరేళ్ల బాబు రికార్డింగ్ ఇచ్చి ఐపీఏలో, అంటే ఉచ్చారణ రాసే అంతర్జాతీయ గుర్తుల్లో రాసుకురమ్మన్నారు. అంగిలి చీలికకి చిన్నప్పుడే ఆపరేషన్ అయింది. ‘పాప’, ‘టోపీ’, ‘బడి’ శుభ్రంగా అంటాడు. ‘సీసా’ దగ్గరికొచ్చేసరికి ‘స’ బదులు ముక్కులోంచి బుస్సుమని గాలి. నేను s̃ అని రాశాను. మేడం ఎర్ర పెన్నుతో కొట్టేశారు, కారణం చెప్పలేదు. ఏం రాయాలి? ‘ఒక ధ్వనికి ఒక గుర్తు’ అన్నాక అక్షరం మీదా కిందా ఇన్ని తోకలెందుకు? పైగా నా ల్యాప్‌టాప్‌లో సగం గుర్తులు డబ్బాల్లా కనిపిస్తున్నాయి.

పండిట్_రిటైర్డ్
అమ్మాయీ, పలికినట్టు రాసే, రాసినట్టు పలికే లిపి చేతిలో ఉండగా ఆ తోకల లాటిన్ అక్షరాలెందుకు? ట వేరు, త వేరు, ణ వేరు, న వేరు. ఒక ధ్వనికి ఒక అక్షరం మనవాళ్లు ఎప్పుడో పెట్టారు. నలభై ఏళ్లు పాఠం చెప్పి అంటున్నాను.

బన్నీ_అమ్మ
మా బాబుకి నాలుగేళ్లు. ‘రాముడు’ని ‘యాముడు’ అంటాడు. మా అత్తగారు నాలిక కింద నరం కోయించమంటున్నారు. దీనికి కూడా గుర్తు ఉంటుందా అండీ?

స్పోకెన్_గురు
15 ఏళ్లుగా ఐపీఏ నేర్పుతున్నా, వేల మంది స్టూడెంట్స్. ఇందులో కన్ఫ్యూజన్ ఏమీ లేదు. ఒక గుర్తు, ఒక ధ్వని, ఫినిష్. ఇంగ్లిష్‌కి 44 కంఠస్థం చేస్తే చాలు. డిక్షనరీల వాళ్లే రూల్ తప్పుతున్నారు. red కి /red/ అని వేస్తారు. ఐపీఏలో r అంటే నాలిక కొసని అదిరించి పలికేది. ఇంగ్లిష్‌ది ɹ కదా! నేను ఎన్నోసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు.

ఎంఏ_లింగ్విస్టిక్స్
గురువుగారూ, మీరన్న రూల్‌ని సగమే చెప్పారు. పారిస్‌లో 1886లో పాల్ పాసీ, మరికొందరు టీచర్లు ఈ ఐపీఏ తయారుచేసిన సంఘం పెట్టుకుని, 1888లో తమ సూత్రాలు అచ్చేశారు. ఒక భాషలో ఒక ధ్వని బదులు ఇంకొకటి వేస్తే మాట అర్థం మారిపోతుందనుకోండి, అలాంటి ప్రతి ధ్వనికీ వేరే అక్షరం ఉండాలన్నారు. చెవికి వినిపించే ప్రతి ఛాయకీ అక్షరం ఇస్తామని అనలేదు. ఇంగ్లిష్‌లో ఉన్నది ఒక్క ర. ɹ బదులు సులువుగా r వాడినా ఏ మాటా ఇంకో మాటతో కలిసిపోదు. అందుకే ఏటవాలు గీతల మధ్య /red/ తప్పు కాదు. చదరపు బ్రాకెట్లలో [red] అని వేసి ఇదే ఉచ్చారణ అంటే అప్పుడు పట్టుకోండి.

పండిట్ గారూ, మీకూ ఒక మాట. ‘చలి’లో చ, ‘చీమ’లో చ ఒకటేనా? మొదటిది ts, రెండోది tʃ. అక్షరం మాత్రం ఒకటే. ‘వచ్చాడు’ అని రాస్తాం, మా గోదావరి వైపు ఆ దీర్ఘం ఆ కాదు, ఏ కాదు, [æː]. దానికి మన లిపిలో అక్షరమే లేదు.

పండిట్_రిటైర్డ్
చ సంగతి చెప్పినందుకు సంతోషం. ౘ అనే అక్షరం ఉంది, వాడకం మానేశారు. మానేయడం వ్రాసేవాళ్ల బద్ధకం, లిపి లోపం కాదు.

ఎంఏ_లింగ్విస్టిక్స్
బద్ధకం కాదండీ, అవసరం పడలేదు. పక్కన ఇ, ఈ, ఎ, ఏ ఉంటే tʃ, అ, ఉ, ఒ లాంటివి ఉంటే ts. ముందే తెలిసిపోతుంది కాబట్టి ఒక్క అక్షరం చాలు. 1888 సూత్రం కూడా అదే చెప్తుంది.

పండిట్_రిటైర్డ్
ముందే తెలిసిపోతుందా? అన్నంలో పోసుకునే చారు, చారుశీలలోని చారు. రెంటికీ పక్కనున్నది ఆ-కారమే. ఒకటి ౘ, ఒకటి చ. అర్థం మారిందా లేదా? ఇప్పుడు చెప్పండి నాయనా.

ఎంఏ_లింగ్విస్టిక్స్
రెండోది సంస్కృతం నుంచి వచ్చిన మాట. అరువు మాటల్ని లెక్కలో కలపాలా వద్దా అన్నది వేరే గొడవ.

పండిట్_రిటైర్డ్
ఓడినప్పుడల్లా అది వేరే గొడవే అవుతుంది.

స్పోకెన్_గురు
మా ఇంట్లో రెండు చారులూ ఒకేలా అంటాం. ఇంతకీ డిక్షనరీ సంగతి తేల్చలేదు.

స్పీచ్‌థెరపిస్ట్_విశాఖ
మీ చారు చల్లారనివ్వండి. శ్రావ్యా, మీ మేడం ఎందుకు కొట్టేశారో చెప్తాను. ఆ వంకర గీత ~ ముక్కులో ధ్వని మోగుతోందని చెప్పడానికి. ఫ్రెంచ్ అచ్చుల మీద చూస్తారే, అది. నీ బాబు దగ్గర మోత కాదు, గాలి రాపిడి. అలాంటివి మామూలు చార్ట్‌లో లేవు, ఎందుకంటే అది భాషల్లో వాడే ధ్వనుల కోసం కట్టింది. 1989లో జర్మనీలోని కీల్‌లో జరిగిన ఐపీఏ సమావేశం తర్వాత క్లినిక్ వాళ్ల కోసం విడిగా అనుబంధం చేసి 1990లో తెచ్చారు, 2015లో సవరించారు. ఎక్స్‌ట్‌ఐపీఏ అంటాం.

రాసేముందు ఒక పని చెయ్యి. బాబుని ‘స్‌స్‌స్’ అని లాగి అనమను, మధ్యలో వేళ్లతో ముక్కు మెల్లగా మూయి. శబ్దం టక్కున ఆగిపోతే గాలి మొత్తం ముక్కు దారినే పోతోంది, నోటి దారి మూసేసి ఉంది. అప్పుడు అది s కానే కాదు, n̥͋. ఆగకుండా, పైగా ‘స’ ఇంకాస్త స్పష్టంగా వినిపిస్తే, నోట్లో s సరిగానే తయారవుతోంది, పక్కనుంచి గాలి కారుతోంది. అది s͋. రెంటి మీదా ఒకటే గుర్తు, వంకర గీతకి పైనో చుక్క, కిందో చుక్క. దాని కింద అక్షరం ఏది పెడతామన్నదే అసలు తేడా.

తేడా కాగితం మీదే ఆగదు. ప, ట, బ లకీ గట్టిగా గాలి బిగబట్టాలి. అవి బాగుండి ‘స’ ఒక్కటే ముక్కులోకి పోతోందంటే అంగిలి ముక్కు దారిని మూయగలుగుతోందన్నమాట. ‘స’కి మాత్రం వాడు తప్పు దారి అలవాటు చేసుకున్నాడు. థెరపీతో మారే అవకాశం ఎక్కువ. అన్నీ కారుతుంటే అప్పుడు సర్జన్ దగ్గరికి. నువ్వు రాసిన s̃ చూస్తే ఈ రెండింటిలో ఏదో ఎవరికీ తెలియదు.

బన్నీ_అమ్మ
మా వాడిది చెప్పలేదు మేడం.

స్పీచ్‌థెరపిస్ట్_విశాఖ
ర బదులు య అంటే మామూలు j చాలమ్మా, అనుబంధం గుర్తు అక్కర్లేదు. నాలుగేళ్లకి ర రాకపోవడం చాలామందిలో చూస్తాం. నరం కోయించడం మాత్రం ఎవరికీ చూపించకుండా వద్దు. ఓసారి చూపించండి.

ఎంఏ_లింగ్విస్టిక్స్
మేడం, ఒక అనుమానం. పిల్లాడి మాటలో ఏది అర్థం మారుస్తుందో ముందు తెలియదు కదా, మరి సూత్రం ఇక్కడ ఎలా వర్తిస్తుంది?

స్పీచ్‌థెరపిస్ట్_విశాఖ
వర్తించదు, అందుకే ఇన్ని తోకలు. వాడి మాటకి ఇంకా మనకి వ్యాకరణం తెలియదు. విన్నదంతా దించుకోవాలి, తర్వాత లెక్క తేల్చుకోవాలి. మన చెవికి ఒకటిగా వినిపించే రెండు ధ్వనుల్ని పిల్లలు వేరువేరుగా పలుకుతుంటారు కూడా. చెవి పట్టలేనిది గుర్తూ పట్టలేదు.

టైపింగ్_కష్టాలు
డబ్బాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. Charis SIL గానీ Doulos SIL గానీ వేసుకోండి. ఆ చుక్కల గీత U+034B, n కింద సున్నా U+0325. అక్షరం ముందు, తోకలు తర్వాత టైప్ చేయాలి.

శ్రావ్య_థర్డ్‌ఇయర్
ఈరోజు ముక్కు మూసి చూశాను మేడం. ‘సీసా’లో టక్కున ఆగిపోయింది, మళ్లీ మళ్లీ చేసినా అంతే. ‘టోపీ’కి ఏ తేడా లేదు. n̥͋iːn̥͋aː అని రాశాను. కానీ మా బ్యాచ్‌మేట్ అదే రికార్డింగ్ విని, రాపిడి ముక్కు ముందు కాదు, గొంతు వెనక గరగరలా ఉందని ʩ రాసింది.

స్పీచ్‌థెరపిస్ట్_విశాఖ
ఫోన్ రికార్డింగ్ అయితే ఆ గొడవ తెగదు. నీకు నమ్మకం లేకపోతే గుర్తు చుట్టూ వలయం గీయి, ‘ఇది రూఢి కాదు’ అని. అనుబంధంలో దానికీ చోటుంది. రేపు బాబుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇద్దరూ వినండి.

పండిట్_రిటైర్డ్
ఆ వలయం మనకి అరసున్నా రూపంలో ఎప్పటినుంచో ఉంది.

ఎంఏ_లింగ్విస్టిక్స్
మాస్టారూ! అరసున్నాకీ దానికీ ఏం సంబంధం?