ఇంగ్లిష్ ఇన్సిడెంట్ రిపోర్టుని షిఫ్టు మొదట్లో తెలుగులో ఎలా చెప్పాలి?

రాత్రిషిఫ్టు
పైడిభీమవరం వైపు ఒక బల్క్ డ్రగ్ యూనిట్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని. పోయిన నెల డ్రమ్ముల్లో టోలుయిన్ నింపేచోట మంట లేచి ఒక హెల్పర్ ముంజేయి కాలింది. నాలుగు పేజీల ఇంగ్లిష్ రిపోర్టు వచ్చింది. దాన్ని షిఫ్టు మొదట్లో ఐదు నిమిషాల్లో చెప్పమన్నారు. మా దగ్గర ఎక్కువమంది తెలుగే చదువుతారు. నేను ఇలా రాసుకున్నాను: "టోలుయిన్ నింపేటప్పుడు ఎర్తింగ్ క్లాంపు పెట్టలేదు. అందువల్ల స్టాటిక్ పుట్టి మంట వచ్చింది. ఇకనుంచి అందరూ క్లాంపు పెట్టాలి, ఎస్‌ఓపీ పాటించాలి." ఇది సరిపోతుందా?

తెలుగు మాస్టారు
స్టాటిక్, క్లాంపు, ఎస్‌ఓపీ... ఇందులో తెలుగు ఎక్కడుంది బాబూ? స్థిర విద్యుత్తు అనండి. కార్యవిధానం అనండి. మా స్కూల్లో పిల్లలకి అదే చెప్తాం, వాళ్లకి అర్థమవుతోంది కదా.

లావేరు చిన్నోడు
మాస్టారూ, కార్యవిధానం అంటే మా షిఫ్టులో ఏదో పెళ్లి శుభలేఖ చదువుతున్నారనుకుంటారు. క్లాంపుని క్లాంపనే అంటాం.

పాత సేఫ్టీ
రాత్రిషిఫ్టు గారూ, మాటల సంగతి తర్వాత. క్లాంపు గురించి రిపోర్టులో ఏ వాక్యం ఉందో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి.

రాత్రిషిఫ్టు
"ఎర్తింగ్ కంటిన్యూటీ ఆఫ్ ది డ్రమ్ వాజ్ ఫౌండ్ టు బి ఇనెఫెక్టివ్" అని ఉంది సార్. అంటే ఎర్తింగ్ లేదనే కదా. తేడా ఏముంది?

పాత సేఫ్టీ
తేడా అంతా అక్కడే ఉంది. ఎర్తింగ్ అందలేదు అన్నారు. క్లాంపు పెట్టలేదు అనలేదు. రిపోర్టు వెనక ఫొటోలుంటాయి, అందులో డ్రమ్ము అంచు చూడండి. నా అనుమానం, క్లాంపు డ్రమ్ముకే ఉంటుంది, కానీ పెయింటు మీద ఉంటుంది. ఒక్క పొర పెయింటు చాలు, క్లాంపు ఉన్నా లేనట్టే. డ్రమ్ములో పుట్టిన ఛార్జి భూమిలోకి దిగదు, డ్రమ్ము మీదే పేరుకుంటుంది. నింపే పైపు గానీ మనిషి చెయ్యి గానీ దగ్గరకొస్తే దానికి దూకుతుంది. టోలుయిన్ ఆవిరి 4 డిగ్రీల దగ్గరే అంటుకునే స్థితికి వస్తుంది. మన శ్రీకాకుళంలో చలికాలం రాత్రి కూడా అంతకంటే వెచ్చగానే ఉంటుంది. కాబట్టి ఏ రోజైనా డ్రమ్ము మూతి దగ్గర అంటుకునే ఆవిరి ఉన్నట్టే లెక్క.

ఒక్క అక్షరం చూడండి. పెట్టలేదు, పట్టలేదు. మీరు మొదటిది చెప్తే, వినేవాడు 'నేను రోజూ పెడుతున్నాను, నాకేం కాదు' అనుకుని పెయింటు మీదే పెట్టుకుంటాడు. రేపు రెండో మంట అక్కడే.

ఎచ్చెర్ల సుబ్బు
కంపెనీ రిపోర్టు కాపీ ఇవ్వకపోతే ఏం చెయ్యాలో చెప్పండి ముందు. మా బావమరిదికి వేలు పోయింది, రెండేళ్లయింది, రిపోర్టూ లేదు, డబ్బూ లేదు. ఆర్టీఐ వేస్తే ప్రైవేటు కంపెనీకి వర్తించదన్నారు.

రాత్రిషిఫ్టు
అన్నా, ఇది కాంపెన్సేషన్ గురించి కాదు. రిపోర్టుని ఎలా చెప్పాలనే.

రూల్‌బుక్
అసలు ఈ చర్చే అనవసరం. 2025లో కొత్త కోడ్ వచ్చేదాకా ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్లోనే ఉండేది, నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ ఉండాలని. నాలుగు పేజీలూ తెలుగు చేసి బోర్డుకి అంటించండి, పని అయిపోతుంది.

పాత సేఫ్టీ
ఆ సెక్షన్ గోడకి అంటించే నోటీసుల గురించి. నోటితో ఎలా చెప్పాలో అందులో లేదు. నాలుగు పేజీల తెలుగు బోర్డు మీద పెడితే ఏ షిఫ్టులో ఎవరు నిలబడి చదువుతారో మీరే చెప్పండి.

రాత్రిషిఫ్టు
సార్, ఫొటో చూశాను. మీరన్నదే. క్లాంపు ఉంది, నీలం పెయింటు మీద. పైపు కూడా డ్రమ్ము మూతి దగ్గరే వేలాడుతోంది, అడుగుదాకా లేదు. రిపోర్టులో దానికి "ఫ్రీ ఫాల్" అని రాశారు. అయితే ఇంకో ఇబ్బంది. అందులో "మోస్ట్ ప్రోబబుల్ ఇగ్నిషన్ సోర్స్" అని ఉంది. నేను 'స్టాటిక్ వల్లే' అన్నాను. 'అయుండొచ్చు' అంటే మా వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు సార్. 'ఏమో, వాళ్లకే తెలీదు' అంటారు.

పాత సేఫ్టీ
అనుకోనివ్వండి. నిప్పురవ్వ ఎక్కడ పుట్టిందో ఎవరూ చూడలేదు. డ్రమ్ము మీదా, లేక రబ్బరు చెప్పులేసుకున్న హెల్పర్ ఒంటి మీదా? మీరు 'ఇదే' అని తేల్చేస్తే రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. "స్టాటిక్ అని అంచనా. డ్రమ్ము నుంచి వచ్చిందో, మనిషి నుంచి వచ్చిందో తేలలేదు. అందుకే రెండూ సరిచేస్తున్నాం" అనండి. తేలలేదు అన్నదానికి వెంటనే పని తగిలిస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

రాత్రిషిఫ్టు
నేను ఒప్పుకోను సార్. పదిహేనేళ్లుగా షిఫ్టు నడుపుతున్నాను. అనుమానం చెప్తే వినరు, గట్టిగా చెప్తేనే వింటారు. మీరు కుర్చీలోంచి చెప్తున్నారు.

పాత సేఫ్టీ
కుర్చీలోంచి కాదు. పాతికేళ్లు ప్లాంటులోనే ఉన్నాను. గట్టిగా చెప్పి తప్పు చెప్పినవాళ్లని కూడా చూశాను.

లావేరు చిన్నోడు
ఇద్దరూ ఆగండి. నేను ఇంకో యూనిట్లో కాంట్రాక్టు హెల్పర్ని. మాకెప్పుడూ 'పెట్టలేదు' అనే వినపడుతుంది. గ్లౌజు పెట్టలేదు, మాస్కు పెట్టలేదు, క్లాంపు పెట్టలేదు. ఎవరు పెట్టలేదు? మేమే. ఒకసారి క్లాంపు స్ప్రింగు వదులైపోయిందని మూడు వారాలు చెప్పాను, మార్చలేదు. చివరికి జారిపడితే నేనే 'పెట్టలేదు' అయ్యాను. రెండ్రోజుల కూలి పోయింది. రాత్రిషిఫ్టు అన్నా, కాలిన ఆయన ఏమయ్యాడు?

రాత్రిషిఫ్టు
మంచి ప్రశ్నే. జవాబు చెప్పడానికే ఇబ్బందిగా ఉంది.

ఆయన్ని కాంట్రాక్టరు ఇరవై రోజులుగా పనికి పిలవలేదు. 'పెట్టలేదు' అన్న మాట నాది కాదు. మా పైవాళ్ల మెయిల్లో 'ఆపరేటర్ ఫెయిల్డ్ టు కనెక్ట్' అని ఉంది, నేను దాన్నే తెలుగు చేశాను. రిపోర్టు ఒకటి చెప్తోంది, మెయిలు ఇంకొకటి చెప్తోంది. క్లాంపు పెట్టే ఉంది అని నేను షిఫ్టులో చెప్తే, మరి పెయింటేసిన డ్రమ్ములు ఎవరు తెప్పించారు, రీడింగు ఎవరు చూడలేదు అని అడుగుతారు. ఆ ప్రశ్న నా మీదకీ వస్తుంది. చెక్‌లిస్టు మీద సంతకం నాదే.

తెలుగు మాస్టారు
అయితే ఇంతసేపూ భాష గురించి కాదన్నమాట మనం కొట్టుకున్నది.

పాత సేఫ్టీ
భాష గురించే మాస్టారూ. ఇంగ్లిష్‌లో "వాజ్ నాట్ కనెక్టెడ్" అంటే ఎవరు చెయ్యలేదో చెప్పక్కర్లేదు. తెలుగులో 'పెట్టలేదు' అనగానే ఎవడో ఒకడు నిలబడాలి. ఆ నిలబడేవాడు ఎప్పుడూ చిన్నోడే అవుతాడు.

రాత్రిషిఫ్టు గారూ, మెయిలు పక్కన పెట్టి రిపోర్టులో ఉన్నదే చెప్పండి. ఎవరి పేరూ వద్దు, ఎవరి తప్పూ వద్దు. నేనైతే ఇలా చెప్తాను:

"పోయిన నెల రాత్రి, టోలుయిన్ నింపే దగ్గర డ్రమ్ము మూతిలోంచి మంట లేచింది. మనవాడి ముంజేయి కాలింది. క్లాంపు పెట్టే ఉంది, కానీ పెయింటు మీద ఉంది, ఇనుముకి పట్టలేదు. పైపు డ్రమ్ములోకి దిగలేదు, సరుకు పైనుంచి పడింది. పైనుంచి పడితే స్టాటిక్ ఎక్కువ పుడుతుంది. డ్రమ్ము నుంచి రవ్వ వచ్చిందో మనిషి నుంచి వచ్చిందో తేలలేదు. ఈరోజు నుంచి, క్లాంపు ఇనుముని పట్టిందని మానిటర్ దీపం పచ్చగా చూపిస్తేనే వాల్వు తిప్పాలి. పైపు అడుగుదాకా దించాలి. పైపు మునిగేదాకా వాల్వు మీద గీసిన తెల్ల గీత దాటకూడదు. యాంటీస్టాటిక్ బూట్లు లేకుండా ఆ దగ్గరికి రాకూడదు. దీపం పచ్చగా రాకపోతే పని ఆపి నాకు చెప్పండి, ఆపినందుకు ఎవరినీ ఏమీ అనం."

ఆ తెల్ల గీత ఎందుకంటే, పైపు మునిగేదాకా వేగం సెకనుకు 1 మీటరు లోపు ఉండాలి. ఆ మాట షిఫ్టులో చెప్తే ఎవరికీ పని చెయ్యదు. ఇంజినీరు లెక్కకట్టి వాల్వు మీద గీత గీయాలి, షిఫ్టులో గీత గురించే చెప్పాలి. చివరి మాట చెప్పే అధికారం మీకు లేకపోతే అది మాత్రం తీసేయండి. అబద్ధపు హామీ కంటే లేకపోవడమే మంచిది.

చెప్పాక 'అర్థమైందా' అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. కొత్త ఖాళీ డ్రమ్ము ఒకటి తెచ్చి, క్లాంపు ఒకరి చేతికిచ్చి ఎక్కడ పెడతావో చూపించమనండి. వాడిన డ్రమ్ము తేవద్దు, ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది.

రూల్‌బుక్
దీపం ఉన్న ఎర్తింగ్ మానిటర్ ఆ యూనిట్లో ఉందో లేదో తెలీకుండానే రాసేశారు.

రాత్రిషిఫ్టు
ఉంది. ఒకటే ఉంది, రెండు నెలలుగా పాడై ఉంది. అది రిపోర్టు మూడో పేజీలో ఉందని ఇప్పుడే చూశాను.

పాత సేఫ్టీ
అయితే దీపం మాట తీసేయండి. అది బాగయ్యేదాకా మంటల ప్రాంతానికి పనికొచ్చే మీటరుతో ఎలక్ట్రీషియనే చూడాలి. డ్రమ్ము నుంచి భూమికి 10 ఓంల లోపు వస్తే సరిపోతుంది. మామూలు మల్టీమీటరు అక్కడికి తీసుకెళ్లొద్దు.

రాత్రిషిఫ్టు
నిన్న బి షిఫ్టుకి చెప్పాను. 'అంచనా' అన్న మాట ఉంచాను సార్, ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు, ఆ ఒక్క విషయంలో మీరే రైటు. ఆపితే ఏమీ అనం అన్నది తీసేశాను, నాకు ఆ ధైర్యం లేదు. కాలిన ఆయన తమ్ముడు కూడా ఆ షిఫ్టులోనే ఉన్నాడు. 'క్లాంపు పెట్టే ఉంది' అన్నప్పుడు తల ఎత్తి చూశాడు, ఏమీ అనలేదు.

రణస్థలం నుంచి వచ్చే ఒక పెద్దాయన మాత్రం అడిగాడు: "మరి పెయింటు గీకాలంటే దేంతో గీకమంటారు బాబూ? ఇనుంతో ఇనుం గీకితే నిప్పు రాదేటి?"

పాత సేఫ్టీ
ఆయనకి దండం. అక్కడ గీకకూడదు. పెయింటు చీల్చుకుని దిగే గట్టి మొనలున్న క్లాంపులుంటాయి, అవి తెప్పించమని రాతలో అడగండి. అవి వచ్చేదాకా ఆ నీలం డ్రమ్ముల్లో నింపొద్దు.

లావేరు చిన్నోడు
నింపొద్దని ఎవరు చెప్తారు, అన్నా నువ్వా?

రాత్రిషిఫ్టు
రేపు ఎ షిఫ్టుకి నాదే డ్యూటీ. డ్రమ్ములు గేటు దగ్గర దిగి ఉన్నాయి, నలభై దాకా. అన్నీ నీలమే.