అమావాస్యకి బీచ్‌లో ప్రమాదాలు ఎక్కువా, లేక మనకి అలా అనిపిస్తుందా?

ఎంవీపీ_సెకండ్_ఇయర్:
మా రూమ్మేట్‌ది భీమిలి. విశాఖ ఆర్కే బీచ్‌లో మనుషులు మునిగిపోయేది ఎక్కువగా అమావాస్య, పౌర్ణమి దగ్గరే అని వాడి వాదన. ఫోన్‌లో ఏడు వార్తల స్క్రీన్‌షాట్లు చూపించాడు, ఏడూ ఆ తిథుల దగ్గరివే. నమ్మినదానికి కలిసేవే ఏరుకోవడం కన్ఫర్మేషన్ బయాస్, సులువుగా గుర్తొచ్చేవే ఎక్కువ జరుగుతాయనుకోవడం అవైలబిలిటీ హ్యూరిస్టిక్, ఇది ఆ రెండూ అన్నాను, మొన్ననే క్లాసులో విన్నాను కదా. "ఏడు రుజువులు చూపిస్తే ఒక ఇంగ్లిష్ పేరు పెట్టి కొట్టేస్తావా?" అన్నాడు. ఎవరిది రైటు?

గాజువాక_లాజిక్:
నీదే రైటు బ్రో. ఇవన్నీ మూఢనమ్మకాలు. చంద్రుడికీ మనిషి మునగడానికీ ఏం సంబంధం? జరిగినవి గుర్తుంటాయి, జరగనివి గుర్తుండవు. అంతే, కేసు క్లోజ్.

సీతమ్మధార_పిన్ని:
బాబూ, పేర్లు ఏవైనా గానీ మబ్బు పట్టే ముందు రోజు నా మోకాళ్ళు సలుపుతాయి. పదేళ్ళుగా చూస్తున్నాను. ఇదీ మూఢనమ్మకమేనా? పిల్లలు ముందు ఆ బీచ్‌లో లోపలికి దిగడం మానండి.

లెక్కల_పంతులు:
రైటూ తప్పూ తర్వాత చూద్దాం. మీ రూమ్మేట్ ఆ ఏడు స్క్రీన్‌షాట్లనీ ఎలా పోగు చేశాడో చెప్పండి. వార్త చూశాక క్యాలెండర్ తీశాడా, క్యాలెండర్ చూసి వార్త కోసం వెతికాడా?

ఎంవీపీ_సెకండ్_ఇయర్:
అడిగాను సార్. మునిగిపోయిన వార్త కనిపిస్తే తిథి చూస్తాడట. దగ్గర్లో అమావాస్యో పౌర్ణమో ఉంటే దాచుకుంటాడు. లేకపోతే దాచడానికి ఏముంది అంటున్నాడు. "దగ్గర" అంటే ఎన్ని రోజులని అడిగితే, రెండు మూడు రోజులు అటూ ఇటూ అన్నాడు.

లెక్కల_పంతులు:
విషయమంతా ఈ జవాబులోనే ఉంది. అతను అబద్ధం చెప్పట్లేదు, ఏడు వార్తలూ నిజమే. కానీ తిథి కలవని వార్తలు ఆ ఫోన్‌లోకి చేరే దారే లేదు. అలాంటి ఫోల్డర్‌లో ఏడుకి ఏడూ కలవక ఏం చేస్తాయి? కన్ఫర్మేషన్ బయాస్ అంటే మొండితనం అనుకుంటాం. చాలాసార్లు అది ఇలా, ఏది దాచాలి ఏది వదలాలి అనే చిన్న అలవాటుగానే మొదలవుతుంది.

రెండోది ఆ "రెండు మూడు రోజులు". చాంద్రమాసం సుమారు 29.5 రోజులు. అమావాస్యకి ముందు ఒకటి, తర్వాత ఒకటి కలిపితే మూడు రోజులు. పౌర్ణమికి మరో మూడు. మొత్తం ఆరు, అంటే నెలలో ఐదో వంతు. రెండేసి రోజులు కలిపితే పది, మూడో వంతు దాటింది. మూడేసి కలిపితే పద్నాలుగు, దాదాపు సగం నెల! సగం నెలని "దగ్గర" అనుకుంటే, చంద్రుడి ప్రమేయం ఏమీ లేకపోయినా వార్తల్లో దాదాపు సగం కలుస్తాయి. పైగా వార్త వచ్చాక కదా ఈ గీత గీస్తున్నాడు. ఎంత దూరం కావాలంటే అంత దూరం సాగుతుంది.

గాజువాక_లాజిక్:
నేను మొదటి నుంచీ చెప్పేది అదే కదా సార్.

లెక్కల_పంతులు:
కాదు తమ్ముడూ. అతని సాక్ష్యం పనికిరాదని నేనంటున్నాను. అతని మాటే తప్పని నువ్వంటున్నావు. రెండూ ఒకటి కాదు. సాక్ష్యం చెడ్డదైనంత మాత్రాన మాట అబద్ధం అయిపోదు. నువ్వు కూడా ఒక్క లెక్కా చూడకుండా కేసు మూసేశావు.

పిన్నిగారి మోకాళ్ళ సంగతే తీసుకోండి. రెడెల్మైయర్, ట్వెర్స్కీ అనే ఇద్దరు 1996లో కీళ్ళవాతం ఉన్న 18 మందిని 15 నెలల పాటు గమనించి, నొప్పికీ వాతావరణానికీ పొంతన లేదని తేల్చారు. దాన్ని చాలాకాలం ఉదాహరణగా చెప్పుకున్నారు. తర్వాత 2019లో బ్రిటన్‌లో రెండు వేల మందికి పైగా రోజూ ఫోన్‌లో నొప్పి నమోదు చేస్తే, గాలిలో తేమ పెరిగినప్పుడు నొప్పి కొద్దిగా పెరిగినట్టు కనిపించింది. కొద్దిగానే, కానీ కనిపించింది. అందుకని పిన్నిగారూ, మీది మూఢనమ్మకం అని నేననను. కాకపోతే మబ్బు లేకుండా సలిపిన రోజులు, మబ్బు పట్టినా సలపని రోజులు కూడా రాసిపెట్టుకుంటే తప్ప మీ విషయంలో నిజమేమిటో మీకే తెలియదు.

సీతమ్మధార_పిన్ని:
సలపని రోజు మోకాలు ఉందనే గుర్తుండదు నాయనా, ఇంకేం రాస్తాను!

లెక్కల_పంతులు:
చూశారా, అవైలబిలిటీ గురించి నేను పేజీ రాసినా ఇంత బాగా రాదు.

మనం ఏదైనా ఎంత తరచుగా జరుగుతుందో అంచనా వేయాలంటే లెక్కపెట్టం. ఉదాహరణలు ఎంత సులువుగా గుర్తొస్తున్నాయో చూసి, దాన్నే లెక్క అనుకుంటాం. ఆ ట్వెర్స్కీయే, కానమన్ అనే ఇంకో సైకాలజిస్టుతో కలిసి 1973లో ఒక పరీక్ష పెట్టారు. 39 పేర్ల జాబితా చదివి వినిపించారు. ఉదాహరణకి ఒక జాబితాలో 19 మంది బాగా పేరున్న ఆడవాళ్ళు, 20 మంది అంతగా పేరులేని మగవాళ్ళు. ఇంకో జాబితాలో అటుదిటు. ఎవరు ఎక్కువమంది అని అడిగితే 99 మందిలో 80 మంది పేరున్న వర్గమే ఎక్కువ అన్నారు. విన్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. తెలిసిన పేరు ముందు తడుతుంది, తట్టినవాటిని బట్టే లెక్క కట్టారు.

బీచ్ విషయంలో అమావాస్య ఆ "పేరున్న" తిథి. ఆ రోజు ఎవరైనా పోతే ఇంట్లో, టీ కొట్టులో, వార్తలో కూడా "అమావాస్య నాడు" అని చేర్చి చెబుతారు. తదియ నాడు పోతే "తదియ నాడు" అని ఎవరంటారు? ఆ వార్త తిథి లేకుండానే మన తలలోకి వెళ్తుంది. అందుకే తర్వాత వెతికినా దొరకదు. ఒక తప్పు రెండోదానికి మేత వేస్తుంది. గుర్తున్నవి చూసి నమ్మకం కుదురుతుంది, కుదిరిన నమ్మకం ఏది గుర్తుపెట్టుకోవాలో చెబుతుంది.

జాలరిపేట_సముద్రం:
సార్ చెప్పింది బాగుంది గానీ ఒక మాట. మాది పెదజాలరిపేట, నాన్న ఇప్పటికీ వేటకి వెళ్తారు. అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఎక్కువ, ఆటు కూడా ఎక్కువ. ఇది నమ్మకం కాదు, రోజూ ఒడ్డు మీద కనిపించేదే. నీరు బాగా వెనక్కి పోయినప్పుడు ఇసుక తిన్నెల మధ్య సందుల్లోంచి లాగుడు గట్టిగా ఉంటుంది. బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఆ సందులో అలలు తక్కువగా కనిపిస్తాయి, ఇక్కడ నెమ్మదిగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. చంద్రుడికి సంబంధం లేదన్న గాజువాక అన్న ఒకసారి వచ్చి చూడాలి.

ఇంకోటి. పెద్ద పోటు సరిగ్గా అమావాస్య రోజునే రాదు. ఒక రోజో రెండు రోజులో ఆగి వస్తుంది.

గాజువాక_లాజిక్:
ఆటుపోట్ల సంగతి స్కూల్లో చదివాను. అది వేరు, మునగడం వేరు. మన తీరంలో పోటుకీ ఆటుకీ తేడా గుజరాత్‌లో అంత ఉండదు కదా. అసలు జనం ఎక్కువ వచ్చిన రోజు ప్రమాదాలు ఎక్కువ. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకి ఎంతమంది వస్తారో తెలియదా? ఆదివారం ఎంతమంది ఉంటారు?

లెక్కల_పంతులు:
ఈసారి మంచి మాట అన్నావు. ఎన్ని ప్రమాదాలన్నది కాదు, నీళ్ళలో దిగిన ఎంతమందికి ఎన్ని అన్నది చూడాలి.

జాలరిపేట తమ్ముడు చెప్పిన ఆలస్యం మాత్రం బంగారం లాంటి విషయం. ఎందుకంటే ఇప్పుడు మూడు కారణాలూ మూడు వేరు వేరు లెక్కలు చెబుతున్నాయి. జనం వల్ల అయితే ఆ తిథి రోజునే, అదీ స్నానాల పౌర్ణములకే పెరగాలి, మామూలు అమావాస్యలకి కాదు. పోటు వల్ల అయితే ఏడాదంతా, ముందు రోజుల్లో కాకుండా తర్వాతి ఒకటి రెండు రోజుల్లో పెరగాలి. ఏమీ లేదు, గుర్తుండటమే కారణం అంటే ఐదో వంతు రోజుల్లో ఐదో వంతు ప్రమాదాలే రావాలి. రూమ్మేట్ అటూ ఇటూ రెండూ కలిపేశాడు కాబట్టి ఏది వచ్చినా తనదే గెలుపు.

చెయ్యాల్సింది ఇది. ఏ రోజులు లెక్కలోకి వస్తాయో ముందే కాగితం మీద రాయండి. ఒకరు రెండు మూడేళ్ళ పేపర్లలో ఆ బీచ్‌లో మునిగిన వార్తలన్నీ, తిథి చూడకుండా, తేదీలతో రాయాలి. తిథులు ఇంకొకరు వెయ్యాలి. పది వార్తలు దొరికితే ఐదో వంతు లెక్కన రెండు కలవాలి. నాలుగు కలిసినా ఎగరొద్దు, ఏ కారణమూ లేకపోయినా ఎనిమిదిసార్లలో సుమారు ఒకసారి నాలుగో అంతకన్నా ఎక్కువో కలుస్తాయి. నలభై వార్తల్లో ఎనిమిది రావాల్సిన చోట పదహారు వస్తే అప్పుడు మీ రూమ్మేట్ వైపు నేనూ వస్తాను.

సీతమ్మధార_పిన్ని:
అంటే అమావాస్య నాడు దిగొచ్చనా మీరనేది?

జాలరిపేట_సముద్రం:
వద్దు పిన్నీ. ఏ తిథైనా ఎర్ర జెండా ఉంటే దిగకూడదు.

భీమిలి_రూమ్మేట్:
వీడు పోస్ట్ పెట్టాడని ఇప్పుడే చూశాను. నేనే ఆ రూమ్మేట్‌ని. నా స్క్రీన్‌షాట్ల మీద ఇంత పరిశోధన జరిగిందన్నమాట. సరే, పందెం. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి రెండు రోజులు. ఆరు రోజులే, ముందు రోజులు వదిలేశాను. వార్తలు వాడు రాస్తాడు, తిథులు నేను వేస్తాను. ఒక్కటే అనుమానం. పేపర్‌లో రాని ప్రమాదాలు, లైఫ్‌గార్డులు బయటికి లాగేసినవి కూడా ఉంటాయి కదా. పోలీసు రికార్డు మాకెవరిస్తారు?

లెక్కల_పంతులు:
మంచి అనుమానం. కాపాడినవాళ్ళ లెక్క లేకపోతే మీకు దొరికేది చనిపోయినవాళ్ళదే, అదీ పేపర్‌కి ఎక్కినదే. అమావాస్య నాటి చావు పేపర్‌కి ఎక్కువగా ఎక్కుతుందేమో కూడా చూసుకోవాలి. ఇంకోటి, తిథులు మీరు వెయ్యొద్దు, మూడో మనిషిని పెట్టండి.

భీమిలి_రూమ్మేట్:
నా మీద నమ్మకం లేదా సార్?

లెక్కల_పంతులు:
అమావాస్య ఒక్కోసారి ఒక రోజు మధ్యాహ్నం మొదలై మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంటుంది కదా బాబూ. ఏ తేదీని అమావాస్య అనాలో తేల్చేటప్పుడు నేనైనా నాకు కావాల్సిన వైపే మొగ్గుతాను.

జాలరిపేట_సముద్రం:
పోటు టైములు పట్టికలో ఉంటాయి, తిథితో పని లేదు. కావాలంటే నేను చూసి పెడతాను. కానీ నేనూ పోటు వైపు మనిషినే మరి.