ఫ్యామిలీ ప్లాన్‌ల ఒక్కో నంబర్‌కి డేటా లిమిట్ పెట్టుడు ఎట్ల?

మాది హన్మకొండ. ఒకటే పోస్ట్‌పెయిడ్ ప్లాన్ మీద నాలుగు నంబర్లున్నయ్, అందరికీ కలిపి నెలకు 75 జీబీ, బిల్లు సైకిల్ 12 నుంచి 11 దాకా. మెయిన్ నంబర్ నాదే. రెండు నెలల సంది 28వ తారీకుకే డేటా మొత్తం ఖతమైతుంది, దుకాణంల బాపు ఫోన్‌పే కొడితే చక్రం తిరుగుకుంటనే ఉంటది, గిరాకీ ఎదురుంగ నిలవడి చూస్తడు, అదే నాకు బాధ.

కంపెనీ యాప్‌ల నంబర్ వారీగా వాడకం కనిపిస్తది, తమ్ముడొక్కడే 46 జీబీ. కానీ అది కొన్ని గంటలు లేటుగ మారుతది, లిమిట్ పెట్టే ఆప్షన్ అండ్ల దొరకలే.

తమ్ముని ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌ల 20 జీబీకి Set data limit ఆన్ చేసిన. మొదలు ఫోన్ 1వ తారీకు నుంచి లెక్కవెడుతుండె, అందుకే యాప్ లెక్కతోటి అస్సలు కలవలే, సైకిల్ తేదీ 12కి మార్చినంక దగ్గరికొచ్చింది. అయినా లాభం లేదు, 20 దాటి నెట్ బందు కాంగనే వాడే ఆ లిమిట్ తీసేస్తుండు, ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇచ్చి క్లాసులు చూస్తుండు. చదువుకే కాబట్టి మొత్తం బందు పెట్టబుద్ధి అయితలేదు.

ఫోన్‌ల కాకుండ, మెయిన్ నంబర్ నుంచే కంపెనీ తరఫున ఒక్క నంబర్‌కి 20 జీబీ దాటకుండ ఆపించుకున్నోళ్లు ఎవరన్న ఉన్నరా, ఎట్ల చేయించిన్రు?