హైదరాబాద్ రూంల కసర్ చదవాల్నా, పూర్తి చదవాల్నా?

హన్మకొండ పోరడు: మాది హన్మకొండ, జాబ్ హైదరాబాద్‌ల. సోమవారం తెల్లారినంక ట్రైన్ ఎక్కుత, శనివారం రాత్రి ఇంటికొస్త. రూంల జొహర్, అసర్, ఇషా రెండు రకాతులే చదవాల్నా, నాలుగా? రంజాన్ల సోమవారం రోజా విడువచ్చా?

కాజీపేట భాయ్: ముసాఫిర్‌వే కద, రెండే. నేనైతే కరీంనగర్ పోయినా కసర్ చేస్త.

ఉర్దూ పండిట్: కరీంనగర్ డెబ్బై కిలోమీటర్లే అన్నా! మన హనఫీల లెక్క దాదాపు 78, కొందరు 92 అంటరు. ఇన్నేండ్లు నాలుగు ఫర్జులు రెండు చేసినవా ఏంది?

కాజీపేట భాయ్: మా కాలనీ నుంచి బైక్ మీటర్ల 81 వచ్చింది.

ఉర్దూ పండిట్: తిరిగి తిరిగి పోతే 81 రాదా మరి. ఊరి పొలిమేర దాటినంక లెక్క, మీ గేటు కాడికెళ్లి కాదు.

షుగర్ ఇంటోడు: ఇదంతా పక్కకు పెట్టండి. మా నాయిన ఇన్సులిన్ మీద ఉన్నడు, రోజాలు పోయినయి, ఫిద్యా ఇచ్చేసినం, ఖతం.

నర్సు ఆపా: ఖతం ఎట్లయితది తమ్మీ? ఇగ ఎప్పటికీ ఉండలేడు అన్నోళ్లకే ఫిద్యా. చలికాలంల పగలు చిన్నగుంటది, అప్పుడు ఉండొచ్చని డాక్టర్ అంటే కజా పట్టాలె, ఇచ్చిన పైసలు రోజాకు బదులు కావు. మా అత్తకు గట్లనే అయింది.

కాజీపేట భాయ్: ట్రైన్ల జొహర్, అసర్ కలిపి చదువుకుంటె పాయె, హదీసుల ఉన్నది.

ఉర్దూ పండిట్: అహ్లె హదీస్ అయితె చదువుకో. మాకు కలుపుడు అరఫాత్, ముజ్దలిఫాలనే. కావాలంటె జొహర్ ఆఖరి టైంల, అసర్ మొదటి టైంల చదువు, రెండూ ఎవల టైంల అవి అయితయి. మదర్సాల ఆరేండ్లు చదివిన, నాకు చెప్పకు.

కాజీపేట భాయ్: ఆరేండ్లు చదివి ఫేస్‌బుక్‌ల కొట్లాడుడు నేర్చుకున్నవ్.

హన్మకొండ పోరడు: అన్నా నా ప్రశ్న...

నర్సు ఆపా: నీ ప్రశ్నకు ఒకటి చెప్పు తమ్మీ, ఎప్పుడన్న అక్కడ వరుసగ పదిహేను రోజులు ఉంటనని నియ్యత్ చేసి ఉన్నవా?

హన్మకొండ పోరడు: జాయిన్ అయినప్పుడు ట్రైనింగ్‌ల నెల రోజులు ఇంటికి రాలే ఆపా. ఇప్పటికీ మంచం, బట్టలు, గ్యాస్ పొయ్యి రూంలనే ఉన్నయి.

ఉర్దూ పండిట్: గదే అసలు చిక్కు. ప్రయాణం పెట్టుకోంగనే ఆ పదిహేను రోజుల మకాం తెగిపోతది, మళ్ల పోయినప్పుడు కసరే అని ఒక మాట. సామాను ఉన్నన్ని రోజులు మకాం తెగదు, నాలుగే చదవాలె అని ఇంకో మాట. ముఫ్తీ సాబ్‌లే రెండు తీర్ల చెప్తరు. మగ్రిబ్ మూడే, ఫజర్ రెండే, అండ్ల తగ్గిచ్చుడు లేదు. జమాత్‌ల ఊరి ఇమాం ఎనుక నిలబడితే నాలుగూ చదువుడే, అప్పుడు ఈ లొల్లి ఉండదు.

నర్సు ఆపా: ఇంట్లున్నప్పుడు తెల్లారింది కాబట్టి సోమవారం రోజా ఉంచుకో. ఆదివారం రాత్రే బయల్దేరితే వేరే సంగతి.

షుగర్ ఇంటోడు: ఆపా, చలికాలం కజాకు సెహ్రీల ఇన్సులిన్ ఎంత తగ్గిచ్చాలె?

నర్సు ఆపా: అది డాక్టర్‌నే అడుగు, నన్ను ఇరికియ్యకు.

కాజీపేట భాయ్: 81 ఫోటో పెడుత ఆగుండ్రి.