షిఫ్టు మార్పు నోటీసు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ సహజంగా ఉండాలంటే ఎలా రాయాలి?

ప్రశ్న (హెచ్‌ఆర్ ఉద్యోగిని, భీమవరం దగ్గరి రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్): మా దగ్గర పనిచేసేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మహిళలు. వారు తెలుగు మాత్రమే చదువుతారు. సూపర్‌వైజర్లలో కొందరు ఇతర రాష్ట్రాలవారు, వారికి ఇంగ్లిష్ కావాలి. ఉదయం షిఫ్టు వేళ మారుతోంది కనుక ఒకే కాగితం మీద రెండు భాషల్లోనూ నోటీసు పెట్టాలి. ముందు ఇంగ్లిష్‌లో రాసి, దాన్ని తెలుగులోకి మార్చాను. ఆ తెలుగు ఇది: "ఇందుమూలముగా సిబ్బంది అందరికీ తెలియజేయడమేమనగా, జూన్ 1 నుంచి ఉదయం షిఫ్టు సమయం అరగంట ముందుకు మార్చబడినది. ఆలస్యముగా వచ్చినవారందరికీ సూపర్‌వైజర్ సంతకం లేనిదే పంచ్ చేయుటకు అనుమతి లేదు. ఐడీ కార్డు ధరించగలరు. బస్సు పాసు ఫారములు మే 28 లోపు సమర్పించగలరు." చదివితే ఎవరూ మాట్లాడే తెలుగులా అనిపించడం లేదు. ఎక్కడ సరిచేయాలో చెప్పగలరా?

విశ్రాంత పర్సనల్ ఆఫీసర్: అమ్మా, ఇది కార్యాలయ భాషే, ఇందులో తప్పు పట్టవలసింది పెద్దగా లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద పెట్టే నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ప్రధాన ద్వారం దగ్గర ప్రదర్శించాల్సి ఉండేది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కనుక, ఇప్పుడు మీకు వర్తించే నియమం ఏదో ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో కనుక్కోండి. నా సలహా ఒక్కటే. రేపు వివాదం వస్తే రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు కాబట్టి, ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంటే తెలుగులోనూ ఒకే వాక్యం ఉండాలి, అదే వరుసలో ఉండాలి.

అనువాదకురాలు: సార్ చెప్పినదాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. అంశాల సంఖ్య, తేదీలు, వేళలు, ఎవరు ఏం చేయాలన్నది రెండువైపులా సరిగ్గా సరిపోవాలి. కానీ వాక్యాలు సరిపోవాలనుకోవడం వల్లే తెలుగు ఇలా బిగుసుకుపోతుంది. ఇంగ్లిష్‌లో చేయవలసిన పని మొదటే వస్తుంది, షరతులు దాని వెనక వస్తాయి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కనుక షరతులన్నీ ముందు పేరుకుని, చదివేవారు అసలు పనిని చేరేసరికి మొదట ఏముందో మరిచిపోతారు. అందుకే ఒక ఇంగ్లిష్ వాక్యానికి రెండు తెలుగు వాక్యాలు రాసినా తప్పు లేదు.

మీ ముసాయిదాలో భాష బిగువుకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టినవి మూడు చోట్లు ఉన్నాయి. మొదటిది "అరగంట ముందుకు మార్చబడినది". 7 గంటల షిఫ్టు 6:30కి వచ్చిందని ఒకరు, 7:30కి వెళ్లిందని మరొకరు అనుకోవచ్చు, ఎవరినీ తప్పు పట్టలేం. పాత వేళ, కొత్త వేళ రెండూ అంకెల్లో రాస్తే ఆ అనుమానానికి చోటుండదు. రెండోది "ధరించగలరు", "సమర్పించగలరు". మన నోటీసుల్లో ఈ రూపం మర్యాదగా చేసే విన్నపం. మీ ఇంగ్లిష్‌లో అక్కడ "మస్ట్" అని ఉంటే, ఇంగ్లిష్ చదివినవారికి అది ఆజ్ఞ, తెలుగు చదివినవారికి వీలైతే చేయమన్న మాట అవుతుంది. కార్డు లేదని ఒకరిని గేటు దగ్గర ఆపినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. తప్పనిసరి అయిన చోట "ఉండాలి", "ఇవ్వాలి" అని, ఐచ్ఛికమైన చోట "ఇవ్వవచ్చు" అని రాయండి. మూడోది "వచ్చినవారందరికీ అనుమతి లేదు". కొందరికి ఉందేమో అన్న అర్థమూ అందులోంచి వస్తుంది. దాన్ని మాటకు మాట ఇంగ్లిష్‌లో "ఆల్ లేట్‌కమర్స్ ఆర్ నాట్ అలౌడ్" అని రాస్తే అక్కడా అదే చిక్కు. ఏం చేయకూడదో చెప్పేకంటే, ఆలస్యమైతే ఏం చేయాలో చెప్పడం రెండు భాషల్లోనూ తేలిక.

షార్జా నుంచి ఒకరు: మా క్యాంపులో నోటీసులు అరబిక్, ఇంగ్లిష్, హిందీల్లో పెడతారు, తెలుగులో పెట్టరు. మనవాళ్లు ఫొటో తీసి ఊళ్లో పిల్లలకు పంపి చదివించుకుంటారు. అయినా షిఫ్టు, పంచ్, పాసు వంటి ఇంగ్లిష్ మాటలు మానేసి అచ్చ తెలుగు రాస్తే బాగుంటుంది కదా?

అనువాదకురాలు: మీ బాధ నిజమైనదే. కానీ ఈ యూనిట్‌లో అందరూ "షిఫ్టు" అనే అంటారు, మెషీన్ దగ్గర "పంచ్ కొట్టావా" అనే అడుగుతారు. గేటు దగ్గర వినిపించే మాటే కాగితం మీద కనిపించాలి.

ప్రశ్న అడిగినవారు: వివరాలు ఇవి, మేడం. ఇప్పుడు షిఫ్టు 7 నుంచి 3 వరకు ఉంది, ఇకపై 6:30 నుంచి 2:30 వరకు ఉంటుంది. పది నిమిషాల వరకు ఆలస్యాన్ని అనుమతిస్తాం. బస్సులు కూడా అరగంట ముందే వస్తాయి. పాసు ఫారం మాత్రం ఎక్కే స్టాపు మార్చుకునేవారే ఇవ్వాలి.

అనువాదకురాలు: ఆ చివరి ముక్క మీ ముసాయిదాలో లేదు. దాంతో అందరూ ఫారాల కోసం క్యూ కట్టేవారు. ఇలా రాసి చూడండి:

"ఉదయం షిఫ్టు వేళ మారుతోంది.
జూన్ 1, సోమవారం నుంచి ఉదయం షిఫ్టు 6:30కి మొదలై మధ్యాహ్నం 2:30కి ముగుస్తుంది. ఇప్పుడు ఇది 7 గంటలకు మొదలై 3 గంటలకు ముగుస్తోంది. కంపెనీ బస్సులు కూడా ప్రతి స్టాపుకూ ఇప్పటికంటే అరగంట ముందే వస్తాయి.
ఉదయం 6:40 దాటాక వచ్చినవారు ముందు సూపర్‌వైజర్ సంతకం తీసుకోవాలి. ఆ తరువాతే పంచ్ చేయాలి.
గేటు లోపలికి వచ్చేటప్పుడు ఐడీ కార్డు మెడలో ఉండాలి.
బస్సు ఎక్కే స్టాపు మార్చుకోవాలనుకునేవారు మాత్రమే మే 28, గురువారం సాయంత్రం 5 గంటల లోపు హెచ్‌ఆర్ కౌంటర్‌లో ఫారం ఇవ్వాలి."

"మే 28 లోపు" అని వదిలేస్తే 28న తీసుకుంటారా లేదా అని అడుగుతారు, అందుకే గంట కూడా చేర్చాను. ఇంగ్లిష్ పాఠాన్ని ఇప్పుడు దీని పక్కన మళ్లీ రాయండి. "ప్రీపోన్డ్" వంటి మాట మన దేశంలో చెల్లినా, ఇక్కడ దాని అవసరమే లేదు. "ఫ్రమ్ మండే, 1 జూన్, ద మార్నింగ్ షిఫ్ట్ విల్ రన్ ఫ్రమ్ 6:30 ఏఎమ్ టు 2:30 పీఎమ్" అంటే చాలు. తరువాత తెలుగు మాత్రమే చదివే ఒకరికీ, ఇంగ్లిష్ మాత్రమే చదివే ఒకరికీ విడివిడిగా ఇచ్చి, "6:45కి వస్తే ఏం చేస్తారు? ఫారం ఎవరు ఇవ్వాలి?" అని అడగండి. జవాబులు వేరైతే లోపం ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది.

డీటీపీ సెంటర్ నిర్వాహకుడు: ఒక మాట నేనూ చేరుస్తాను. అను ఫాంట్లలో కొట్టిన తెలుగును మీ ఆఫీసు కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి కనుక యూనికోడ్‌లోనే టైపు చేయించండి. మండలి ఫాంటు నోటీసుకు బాగుంటుంది. ఇంగ్లిష్‌కు పెట్టిన వరుసల ఎడమే తెలుగుకూ పెడితే ఒత్తులు కింది వరుసకు తగులుతాయి, కాస్త పెంచండి. మొత్తం బోల్డ్ చేస్తే దూరం నుంచి ఒత్తులు కనిపించవు.

విశ్రాంత పర్సనల్ ఆఫీసర్: ఈ పాఠం నేను చెప్పిన పద్ధతిలో రాసేదానికంటే మేలుగా ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే అడుగున "తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది" అన్న వాక్యం మాత్రం ఉండాలి.

అనువాదకురాలు: నేను పెట్టను, సార్. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషికి, తాను చదవలేని పాఠమే చెల్లుతుందని చెప్పడం న్యాయం కాదు.

విశ్రాంత పర్సనల్ ఆఫీసర్: న్యాయం సంగతి సరే. రెండూ సమానమని వదిలేస్తే, తేడా వచ్చిన రోజున ఏది పట్టుకోవాలో యాజమాన్యానికి తెలియదు.

ప్రశ్న అడిగినవారు: ఆ వాక్యం సంగతి మా లీగల్ సలహాదారును అడుగుతాను. రేపు ప్యాకింగ్ సెక్షన్‌లో ఇద్దరికి తెలుగు కాగితం, ఒక సూపర్‌వైజర్‌కు ఇంగ్లిష్ కాగితం ఇచ్చి మీరు చెప్పిన ప్రశ్నలు అడుగుతాను. ఒడియా మాత్రమే చదివేవారు కొందరున్నారు, వారికి మూడో పాఠం ఇదే కాగితం మీద పెట్టాలా, విడిగా పెట్టాలా అన్నది కూడా ఎవరైనా చెప్పండి.