రెండు శైలులను చెరిసగం కలిపితే ‘సగం’ దేనికి?

మాధవి: ఒకే ఛాయాచిత్రం మీద చేర్యాల నకాశీ బొమ్మ, శ్రీకాళహస్తి కలంకారీ శైలులను, న్యూరల్ నెట్‌వర్క్ ఫీచర్ల సగటు, విచలనాలను మార్చి శైలిని దించే AdaIN పద్ధతిలో చెరిసగం కలిపితే ఎరుపు అంతటా పరుచుకుంటోంది. నెట్‌వర్క్ లోపల బొమ్మకు బదులుండే సంఖ్యలను, అంటే ఫీచర్లను కలపడం మేలా, విడిగా తీసిన రెండు ఫలితాలను చిత్రాలుగా కలపడం మేలా?

శ్రీధర్: చిత్రాలుగానే కలపండి, రెండూ ఒకటే.

రాఘవ: ఒకటి కాదు, శ్రీధర్ గారూ. రెండు ఫలితాల్లో గీతలు ఒకే చోట పడవు కనుక, చిత్రాలను కలిపితే ముఖం అంచుల్లో ఒకదాని వెనక ఒకటి నీడలా కనిపిస్తుంది. పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. ఫీచర్లలోనైతే ఆధారం ఒక్కటే: ఛాయాచిత్రపు ఫీచర్ల నుంచి ప్రతి ఛానెల్ సగటును తీసివేసి, ప్రామాణిక విచలనంతో భాగించి, ఆ స్థానంలో శైలి విలువలను పెడతాం. కింద norm అంటే అలా భాగించగా వచ్చినది, mu సగటు, sigma విచలనం, w1, w2 రెండు శైలుల వాటాలు, వాటి మొత్తం 1. ఫీచర్లను తిరిగి బొమ్మగా మార్చేది decoder.

```
mu    = w1*mu1 + w2*mu2
sigma = w1*sigma1 + w2*sigma2
out   = decoder(sigma * norm + mu)
```

శైలి తీవ్రతను తగ్గించడమూ ఇదే పని. అప్పుడు రెండో శైలి స్థానంలో ఛాయాచిత్రపు సొంత సగటు, విచలనం ఉంటాయి.

కేశవ: విచలనాలను కలపడం తప్పు, వాటి వర్గాలనే కలపాలి. 1, 3 మధ్య మీకు 2 వస్తే, వర్గాల దారిలో సుమారు 2.24 వస్తుంది.

రాఘవ: ఆ లెక్క సరైనదే. అయితే ఒకే ఛాయాచిత్రాన్ని రెండు శైలుల్లోకి మార్చిన ఫీచర్లను నేరుగా కలిపితే వచ్చేది 2 కనుక నేను దానినే రాశాను.

సుజాత: మా నాయనమ్మ ఫోటోను ఒక స్టూడియోవారు తీవ్రత బాగా తగ్గించే చేశామన్నారు, అయినా ఆమె కళ్ళు ఆమెవి కాకుండా పోయాయి. తగ్గించడం అనే మాటనే నేను నమ్మను.

రాఘవ: మీ బాధ న్యాయమైనది. తీవ్రత సున్నా చేసినా బొమ్మ ఎన్‌కోడర్, డీకోడర్ల గుండా వెళ్ళే వస్తుంది. ఎన్‌కోడర్‌గా వాడే VGG నెట్‌వర్క్‌లోని relu4_1 పొర దగ్గర పొడవు, వెడల్పు ఎనిమిదో వంతుకు తగ్గుతాయి కనుక కంటిరెప్పల వంటి సన్నని వివరాలు అక్కడే పోతాయి. ముఖం వరకు మాస్క్ వేసి అసలు ఫోటోను కలపవలసింది.

కేశవ: అంటే చిత్రాలుగా కలపడమేగా! ఇందాక శ్రీధర్ గారిని ఎందుకు తప్పుపట్టారు? మీరు సంఖ్యల సగం గురించి మాట్లాడుతున్నారు, చూసేవారికి కావలసింది కంటికి ఆనే సగం. డీకోడర్ సరళరేఖలో నడవదు కనుక 0.5 దగ్గర అది దొరుకుతుందన్న హామీ లేదు.

రాఘవ: ముఖం దగ్గర కలిపేది అసలు ఫోటోను, ఇంకో శైలి ఫలితాన్ని కాదు. సంఖ్యల సగం కంటికి సగం కాదన్నది మాత్రం నిజమే. మాధవి గారూ, సగటు బొమ్మ మొత్తానికీ తీస్తారు కనుక చేర్యాల బొమ్మ ఎర్రని నేపథ్యమే దానిలో పెద్ద వాటా తీసుకుంటుంది. మనుషుల బొమ్మలున్న భాగాన్ని మాత్రమే కత్తిరించి శైలిగా ఇవ్వండి.

మాధవి: అలా చేస్తే ఎరుపు చాలా తగ్గింది. కాని కలంకారీ కలం గీత ఎక్కడా కనిపించడం లేదు.

కేశవ: కనిపించదు. ఛానెల్‌కు ఒక సగటు, ఒక విచలనం మిగిలాక గీత ఎటు తిరిగిందన్న జ్ఞాపకం ఉండదు.

రాఘవ: అయితే మనుషులకు కలంకారీ, నేపథ్యానికి చేర్యాల శైలి వచ్చేలా ఫీచర్ల మీదనే మాస్క్ వేయండి. గీత పూర్తిగా రాకపోయినా, మనుషుల మీదైనా కలంకారీ పలచబడదు.

కేశవ: అది పంపకం, కలపడం కాదు. ఆమె అడిగింది కలపడం.